రాత్రి ఏడుపు, పొద్దున్నే పరుగు: మూడేళ్ల పాప కాళ్ల నొప్పులతో నా అనుభవం

మా పాపకు మూడేళ్లు నిండిన కొత్తలో మొదలైంది. పగలంతా ఆడుతుంది, నిద్రపోయిన గంటకో రెండు గంటలకో లేచి కాళ్లు పట్టుకుని ఏడుస్తుంది. గ్రోయింగ్ పెయిన్స్ అంటారు గానీ, పిల్లలు వేగంగా పొడవు పెరిగే వయసుకూ ఈ నొప్పులు ఎక్కువగా వచ్చే వయసుకూ పొంతన లేదు. అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఎక్కువగా గెంతిన రోజుల్లో రావడం మాత్రం చాలామంది తల్లిదండ్రులు గమనించేదే, నేనూ గమనించాను.

ఏడుపు వినగానే నొప్పి ఎక్కడో వెతకడం నా మొదటి పని. మూడేళ్ల పిల్ల సరిగ్గా చెప్పలేదు, "ఇక్కడా?" అని ఎక్కడ అడిగినా అవుననే అంటుంది. అందుకే ఏమీ అడగకుండా పాదం నుంచి తొడ దాకా మెల్లగా నొక్కుకుంటూ వెళ్లేదాన్ని. మామూలు నొప్పయితే పిక్కలు, తొడల ముందు భాగం, మోకాలి వెనక ఉంటుంది, కీలులో ఉండదు. సాధారణంగా రెండు కాళ్లకూ వస్తుంది, లేదా ఒక రాత్రి ఒక కాలు, మరో రాత్రి ఇంకో కాలు. అన్నిటికంటే పనికొచ్చే గుర్తు, పిల్ల మన చేతిని రానిస్తుందా లేదా అన్నది. ఈ నొప్పుల్లో పిసుకుతుంటే హాయిగా ఉండి కాలు ఇంకా చాపుతారు. తాకగానే కాలు లాక్కుని గట్టిగా ఏడిస్తే అది వేరే సంగతి.

పిసకడంలోనూ పద్ధతుంది. బొటనవేళ్లతో గుచ్చకూడదు. అరచేయి మొత్తం ఆనించి, చీలమండ నుంచి మోకాలి వైపు ఐదు నుంచి పది నిమిషాలు మెల్లగా నిమరాలి. గోరువెచ్చని నీళ్ల సీసాను తువాలులో చుట్టి, ముందు మన మణికట్టు లోపలి వైపు పెట్టి చూసుకుని, పిక్క మీద పది నిమిషాలు ఉంచవచ్చు. పిల్ల నిద్రపోగానే తీసేయాలి, ఒకే చోట చాలాసేపు ఉంటే లేత చర్మం కాలుతుంది. పిక్క రాయిలా బిగుసుకుపోతే అది కండరం పట్టేయడం. దానికి మోకాలు చాపి, పాదాన్ని ముఖం వైపు మెల్లగా వంచితే వదులుతుంది.

అప్పటికీ తగ్గకపోతే పారాసెటమాల్ సిరప్. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు. మా పాప 12 కిలోలు, అంటే 180 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములుండే సీసా అయితే 7.5 మిల్లీలీటర్లు, 250 ఉండేదయితే 3.6 మాత్రమే. సీసా మారింది చూసుకోకుండా పాత లెక్కనే 7.5 పోస్తే రెట్టింపు దాటుతుంది. నిద్రమత్తులో లేబుల్ ఎవరు చదువుతారు? అందుకే డాక్టరు చెప్పిన కొలతను పగలే సీసా మీద రాసి, సూది లేని సిరంజి పక్కనే పెట్టుకున్నాను. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు, కాలేయానికీ మెదడుకూ ముప్పు తెచ్చే రేయీస్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదముంది.

రాత్రి ఎంత ఏడ్చినా, అసలు సంగతి చెప్పేది పొద్దున్న నడక. మామూలు నొప్పయితే తెల్లారేసరికి ఆనవాలే ఉండదు. మంచం దిగి తిన్నగా పరిగెడుతుంది. కుంటినా, ఎత్తుకోమని మారాం చేసినా, కాళ్లు బిగుసుకుపోయి కాసేపటికి గానీ సర్దుకోకపోయినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఈ వయసులో చిన్న జారుపాటుకే పిక్క ఎముక సన్నగా చీలవచ్చు, బయటికి వాపు కూడా కనపడకపోవచ్చు. తుంటిలో తేడా ఉన్నా పిల్లలు మోకాలే చూపిస్తారు. ఎప్పుడూ ఒకే కాలు, అదీ ఒకే చోట నొప్పి, కీలు వాపు, జ్వరం, పాలిపోవడం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు, బరువు తగ్గడం, వీటిలో ఏదున్నా ఆగకూడదు. కీళ్లవాతం నుంచి రక్త క్యాన్సర్ దాకా కొన్ని జబ్బులు ఇలాగే మొదలవుతాయి. మందుకు నొప్పి తగ్గుతోంది కదా అని ధైర్యపడటానికీ లేదు. ఆస్టియాయిడ్ ఆస్టియోమా అనే ఎముక గడ్డ నొప్పి కూడా రాత్రే వచ్చి ఐబుప్రోఫెన్‌కు చక్కగా తగ్గుతుంది, కానీ ఒకే చోటును వదలదు. మూడేళ్లు నిండని పిల్లలకు ఈ నొప్పులొస్తే నేనయితే గుర్తుల కోసం కూడా ఆగను, ముందు చూపిస్తాను.

మా పాపకు ఆ గుర్తులేవీ లేకపోయినా ఒకసారి చూపించాం. ఏ రాత్రి, ఏ కాలు, ఎంతసేపు, పొద్దున్న నడక ఎలా ఉంది అని రాసుకున్న కాగితమూ, పొద్దున్నే తీసిన నడక వీడియో డాక్టరుకు బాగా పనికొచ్చాయి. తుంటి, మోకాళ్లు, చీలమండలు అన్నీ తిప్పి చూసి, "పరీక్షలేవీ అక్కర్లేదమ్మా. కుంటితే మాత్రం వెంటనే తీసుకురండి" అన్నారు. పడుకునే ముందు పిక్కలు, తొడలు సాగదీయించమన్నారు. మోకాలు చాపి పాదాన్ని పైకి వంచడం, బోర్లా పడుకోబెట్టి మడమను పిరుదుల వైపు తేవడం, ఒక్కోటి పది లెక్కపెట్టేదాకా, మూడేసి సార్లు. నొప్పి రాని రాత్రి కూడా చేయించాలి. మాకు వారాలు గడిచేకొద్దీ రాత్రుళ్లు లేవడం తగ్గింది, కానీ బాగా గెంతిన రోజున ఇప్పటికీ అప్పుడప్పుడు లేస్తుంది.