సగటు మందంలో దాక్కున్న బస్తా

మా సైటులో సిమెంట్ కావాలంటే ముందు రోజే స్టోరుకి చీటీ ఇవ్వాలి. సామాన్ల లిఫ్టు మాకు దొరికేది పొద్దున కాసేపే. మధ్యాహ్నం ఒక్క బస్తా తక్కువైందంటే ఇక మర్నాడే. స్క్రీడ్ అంటే స్లాబు మీద ఫ్లోరు సమంగా రావడానికి పోసే సిమెంటు, ఇసుకల పొర. సగంలో ఆపితే అది రాత్రికి గట్టిపడుతుంది. మర్నాడు పక్కన పోసింది దానితో సరిగ్గా అతకదు, ఆ అతుకు వెంబడే పగులు వచ్చే ప్రమాదం ఉంది.

గది 6 మీటర్లు, 4 మీటర్లు. స్లాబు మధ్యలో దిగింది. లేజర్ గీతను పూర్తయ్యే ఫ్లోరుకి సరిగ్గా మీటరు పైన పెట్టుకుని, 2 మీటర్లకో చోట టేపు దించాం. టేపు 1040 చూపితే అక్కడ స్క్రీడ్ మందం 40 మిల్లీమీటర్లు. మా గ్యాంగులో ఒకరి భాష ఒకరికి రాదు. అందుకే కొలత నోటితో చెప్పం, ఆ చోటే స్లాబు మీద చాక్‌పీసుతో రాసేస్తాం.

మొత్తం 12 అంకెలు వచ్చాయి. కొత్తగా చేరిన మనవాడొకడు అన్నీ కూడి 12తో భాగించి, "51.7 వచ్చింది అన్నా" అన్నాడు. కూడిక సరే. కానీ మూలనున్న కొలత కింద ఒక చదరపు మీటరే ఉంటుంది. గోడవారగా ఉన్నదాని కింద రెండు, గది లోపలున్నదాని కింద నాలుగు. అందుకని మూలల కొలతలను అలాగే, గోడవారవి 2తో, లోపలివి 4తో హెచ్చించి కలిపి, 24తో భాగించాలి.

మూలలు నాలుగూ కలిపి 176. గోడవార ఆరు కలిపి 296, హెచ్చిస్తే 592. లోపలి రెండూ 72, 76. హెచ్చిస్తే అవీ 592. మొత్తం 1360. సగటు 56.7 మిల్లీమీటర్లు, అంటే తడి స్క్రీడ్ 1.36 ఘనపు మీటర్లు. వాడి లెక్కలో 1.24 మాత్రమే. లోతంతా మధ్యలోనే ఉంటే మామూలు సగటు ఎప్పుడూ ఇలాగే తక్కువ చూపిస్తుంది.

తడిపి దట్టించాక మాలు కుంగుతుంది కాబట్టి పొడిగా 1.3 రెట్లు తీసుకుంటాను: 1.77. 1:4 పాళ్లలో అందులో ఐదో వంతు సిమెంట్. 50 కిలోల బస్తా సుమారు 0.0347 ఘనపు మీటర్లు, కాబట్టి 10.2 బస్తాలు. వృథా 5 శాతం కలిపితే 10.7. చీటీలో 11 రాశాం. వాడి సగటుతో అయితే 10 దగ్గరే ఆగేవాళ్లం.

ఈ గదిలో మందం ఒక్క మిల్లీమీటరు పెరిగితే దాదాపు 9 కిలోల సిమెంట్ ఎక్కువ పడుతుంది. మా డ్రాయింగులో కనీస మందం 40. ఆ 40 వచ్చింది ఒక్క మూలనే, అక్కడ స్లాబు ఉబ్బింది. ఆ ఉబ్బును గ్రైండర్‌తో 5 మిల్లీమీటర్లు కోసి, గది లెవెలంతా అంతే దించితే దగ్గర దగ్గర బస్తా మిగులుతుంది. కానీ తలుపుల దగ్గర పక్క గదుల ఫ్లోరు అప్పటికే పోసేశారు. అందుకే లెవెల్ జోలికి పోలేదు, 11 బస్తాలే పైకి ఎక్కించాం.