నాన్నగారి పక్కన రెండున్నర సెకన్లు

"ఇది చదివేసరికి మా ప్రేక్షకుడు బేకరీని చూడడు" అంది మా సీనియర్. ఆవిడ జర్మన్. తెలుగులో ఒక్క అక్షరం రాదు. అలాంటావిడ బెర్లిన్ ఆఫీసులో నలుగురి ముందు నా తెలుగు సబ్‌టైటిల్‌కి ఎర్ర గీత పెడితే ఎవరికైనా ఒళ్లు మండుతుంది కదా.

అది రొట్టెలు చేసే ఒకావిడ మీద డాక్యుమెంటరీ. ఆవిడ మాట రెండున్నర సెకన్లలో అయిపోతుంది, వెంటనే ఇంకొకరు అందుకుంటారు. కాబట్టి టైటిల్‌ని తెర మీద ఇంకాసేపు ఉంచే వీల్లేదు. నేను రాసింది ఇది:

మా నాన్నగారు చనిపోయిన తర్వాత ఈ బేకరీ
బాధ్యత మొత్తం నా మీదే పడింది

మా ఆఫీసు లెక్కలో లైనుకు 42 క్యారెక్టర్లు, సెకనుకు 17 దాటకూడదు. రెండున్నర సెకన్లకు 42 వస్తాయి. నాది ఖాళీలతో కలిపి 65. అంటే సెకనుకు 26.

నా దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది. సాఫ్ట్‌వేర్ గుడిని, కొమ్మును, వత్తును విడివిడిగా లెక్కపెడుతుంది. మన కంటికి "స్త్రీ" ఒక్క అక్షరం, దానికి ఆరు. నా వాక్యంలో కంటికి కనిపించే అక్షరాలు 28, ఖాళీలు పది, వెరసి 38. సెకనుకు 15 చిల్లర. మీ రూలు ప్రకారం నేను పాస్! ఇదంతా కాగితం మీద రాసి చూపించాను, కాస్త పొగరుగానే. ఆవిడ ఓపిగ్గా విని, "లెక్క సరే, ఎవరితోనైనా చదివించి చూశావా?" అంది.

సాయంత్రం వీడియో కాల్‌లో క్లిప్ ఆడించి అమ్మకు చూపించాను. అమ్మ పెదవులు కదుపుతూ చదువుతుంది. "మా నాన్నగారు చనిపోయిన తర్వాత ఈ బేకరీ..." ఇంతలో టైటిల్ పోయింది. "ఏమైంది బేకరీకి?" అంది.

ఆ రాత్రి చాలాసేపు ఉక్రోషంతోనే కూర్చున్నాను. లెక్కలో నేను తప్పు కాదు, ఇప్పటికీ ఆ మాటే అంటాను. కానీ లైను విరిచిన చోటు మాత్రం నా తప్పే. "ఈ బేకరీ బాధ్యత" ఒక ముద్ద, దాన్ని మధ్యలో చీల్చాను. "బాధ్యత" కూడా పై లైనులో పెడితే 43 అయిందని, ఆ ఒక్కదాని కోసం కిందికి నెట్టేశాను. "తర్వాత" దగ్గర విరిస్తే పైన 28, కింద 36, ఊపిరి ఆగే చోటే లైనూ ఆగేది. మా ఆఫీసు కాగితంలో లైను చివర ప్రిపొజిషన్ వదలకూడదని ఉంటుంది. అది ఇంగ్లీషుకు రాసుకున్న రూలు. మనకు మీద, కోసం, తర్వాత లాంటివి పదం వెనక నడుస్తాయి, కాబట్టి వాటితో కొత్త లైను మొదలుకాకూడదు. ఈ తిరగేసిన రూలు ఆ కాగితంలో ఎవరూ రాయలేదు, నేనే పెన్నుతో చేర్చుకున్నాను.

సరే, విరుపు సరిచేసినా 65 అలాగే ఉంది. కొయ్యాలి. ముందు "నాన్న పోయాక బేకరీ నామీదే పడింది" అని రాశాను. 31. సెకనుకు 12 దాకా వచ్చింది, మహా హాయి. కానీ "గారు" తీసేస్తుంటే చెయ్యి రాలేదు. అరవై ఏళ్ల మనిషి, చనిపోయిన తండ్రి గురించి కెమెరా ముందు మాట్లాడుతోంది. జర్మన్‌లో అలాంటి మాట లేదని మా సీనియర్ అంటుంది. లేకపోతే లేదు, బేకరీ ఆవిడ ఇప్పుడు తెలుగులో మాట్లాడుతోంది. "గారు"కి ఖర్చు నాలుగు. చేర్చితే 35, సెకనుకు సరిగ్గా 14. బాధ్యత, మొత్తం, చనిపోయిన అన్నీ వదులుకున్నాను గానీ గారుని వదల్లేదు. పైగా ఇప్పుడు ఒక్క లైనులో ఇమిడిపోయింది, విరుపు గొడవే లేదు.

మర్నాడు ఇంకో చిక్కు. సరిగ్గా ఆ మాట దగ్గరే తెర అడుగున ఆవిడ పేరు, కింద వృత్తి, నాలుగు సెకన్లు పడతాయి. నా టైటిల్ వెళ్లి ఆ పేరు మీదే కూర్చుంది. మన సినిమాల్లో సిగరెట్ వెలిగినప్పుడల్లా కింద హెచ్చరిక పడుతుంది కదా, అక్కడ సబ్‌టైటిల్ వేసేవాళ్లకూ ఇదే తలనొప్పి. టైటిల్‌ని తెర పైకి జరిపాను. పేరు కార్డు తర్వాతి టైటిల్ మధ్యలో మాయమవుతుంది, అందుకని దాన్నీ పైనే ఉంచాను. సగంలో కిందికి దూకితే చదివే కన్ను చోటు వెతుక్కుంటుంది. వృత్తిని అనువదించి ఇంకో టైటిల్ వెయ్యాలా అంటే, ఆవిడ చేతులు పిండిలో ఉన్నాయి. వదిలేశాను.

అమ్మకు మళ్లీ పంపించాను. ఈసారి టైటిల్ గురించి ఏమీ అడగలేదు.

"ఏమే, ఆ పిండి అంత నల్లగా ఉందేమిటి, రాగులా?" అంది.