పాత విదేశీ సీసాలు: ప్రూఫ్ నుంచి శాతానికి, ఈ నెల పని

నా సీసాల జాబితాలో చాలాకాలంగా ఖాళీగా ఉన్న 'ఆల్కహాల్ శాతం' గడిని ఈ నెలలో నింపడం మొదలుపెట్టాను. నేను సేకరించేది ఖాళీ సీసాలనే. లేబుల్ చెప్పే కథే నాకు ముఖ్యం. గుంటూరులో ఒకప్పుడు పొగాకు ఎగుమతి చేసిన ఒక కుటుంబం పాత ఇల్లు ఖాళీ చేస్తూ రెండు విస్కీ సీసాలు ఇచ్చింది. రెండూ స్కాట్లాండ్‌లో తయారైనవే. ఒకదాని మీద 70° ప్రూఫ్ అనీ, రెండోదాని మీద 86 ప్రూఫ్ అనీ ఉంది. అంకెలు మాత్రమే చూస్తే రెండోది ఎంతో ఘాటైనదనిపిస్తుంది. నిజానికి మొదటిది 40 శాతం, రెండోది 43 శాతం. తేడా మూడు పాళ్లే.

ఇలా ఎందుకంటే, ప్రూఫ్ అనే మాటకు రెండు కొలబద్దలున్నాయి. అమెరికా పద్ధతిలో ప్రూఫ్ అంటే శాతానికి సరిగ్గా రెట్టింపు. అందుకే 86లో సగం 43. బ్రిటిష్ పద్ధతి వేరు. అక్కడ 51 డిగ్రీల ఫారన్‌హీట్ వద్ద అంతే పరిమాణం గల నీటి బరువులో 13కి 12 వంతులు తూగే సారాయిని 100 ప్రూఫ్‌గా నిర్ణయించారు. దానిలో ఆల్కహాల్ ఘనపరిమాణంలో సుమారు 57.1 శాతం. కాబట్టి బ్రిటిష్ ప్రూఫ్‌ను నాలుగుతో గుణించి ఏడుతో భాగిస్తే శాతం వస్తుంది: 70ని నాలుగుతో గుణిస్తే 280, దాన్ని ఏడుతో భాగిస్తే 40. ఇదే సీసాకు అమెరికా లెక్క వేస్తే 35 వస్తుంది. నేటి నిబంధన ప్రకారం స్కాచ్ 40కి తగ్గకూడదు గనుక, ఎవరి జాబితాలోనైనా స్కాచ్ పక్కన 35 కనిపిస్తే ముందుగా ఈ కొలబద్దనే అనుమానించాలి.

ఈ నాలుగు బై ఏడు సరైనదేనా అని సరిచూసుకోవడానికి విజయవాడలో ఏ మద్యం దుకాణంలోనైనా ఉండే మన దేశపు సీసా చాలు. మనం బ్రిటిష్ కొలబద్దనే నిలుపుకున్నాం. మన రమ్, బ్రాందీ లేబుళ్ల మీద 42.8 శాతం, 75° ప్రూఫ్, 25 యు.పి. అన్న మూడు మాటలూ తరచుగా కనిపిస్తాయి. యు.పి. అంటే అండర్ ప్రూఫ్, నూటికి 25 తక్కువ అని అర్థం. 75ను నాలుగుతో గుణించి ఏడుతో భాగిస్తే 42.86 వస్తుంది. లేబుల్ దాన్ని 42.8గా చూపుతుంది. ఓ.పి. అని ఉంటే ఓవర్ ప్రూఫ్: 33 ఓ.పి. అంటే 133 ప్రూఫ్, అంటే 76 శాతం.

అసలు చిక్కు ఏ కొలబద్ద వాడాలో తేల్చుకోవడంలోనే ఉంది. తయారైన దేశాన్ని చూస్తే సరిపోదు, ఏ దేశంలో అమ్మడానికి లేబుల్ వేశారో చూడాలి. నా రెండు సీసాలూ స్కాట్లాండ్‌వే అయినా, 86 ప్రూఫ్ సీసా భుజం మీద అమెరికా చట్టం ఈ సీసాను తిరిగి వాడడాన్ని నిషేధిస్తుందన్న ఆంగ్ల వాక్యం గాజులోనే ఉబ్బెత్తుగా ఉంది. ఆ వాక్యం 1935 నుంచి 1964 వరకు అక్కడి సీసాలకు తప్పనిసరి. పరిమాణం కూడా 4/5 క్వార్ట్ అని రాసి ఉంది. 70° ప్రూఫ్ సీసా మీద 26⅔ ఫ్లూయిడ్ ఔన్సులు అని ఉంది, ఇది బ్రిటిష్ రాత. బ్రిటన్ 1980లో ప్రూఫ్ వదిలి శాతానికి మారింది కాబట్టి ఆ సీసా అంతకు ముందుదే అయి ఉండాలి.

ప్రూఫ్ అన్న మాటే లేకుండా 43° జి.ఎల్. అని ఉంటే లెక్కే అక్కర్లేదు. అది ఫ్రెంచ్ గే-లుసాక్ కొలమానం, అంకె నేరుగా శాతమే. డిగ్రీ గుర్తు చూసి ప్రూఫ్ అనుకుంటేనే చిక్కు. అందుకే జాబితాలో లేబుల్ మీది రాతను ఉన్నదున్నట్టు ఒక గడిలో, కొలబద్ద పేరును మరో గడిలో, శాతాన్ని మూడో గడిలో రాస్తున్నాను. తర్వాత ఎవరికైనా అనుమానం వస్తే మొదటి గడి నుంచి మళ్లీ లెక్క వేసుకోవచ్చు.

ఒక సీసా గడి మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. దాని లేబుల్ కింది భాగం చిరిగిపోయి, 75 ప్రూఫ్ అన్నదే మిగిలింది. బ్రిటిష్ అయితే 42.9, అమెరికన్ అయితే 37.5. నీళ్లు నింపి కొలిస్తే సుమారు 757 మిల్లీలీటర్లు పట్టింది, అయినా తేలలేదు. ఎందుకంటే బ్రిటిష్ గాలన్‌లో ఆరో వంతు, అమెరికా గాలన్‌లో ఐదో వంతు దాదాపు ఒకటే. వెనుక అంటుకుని ఉన్న దిగుమతిదారు చీటీ మీది జిగురును గోరువెచ్చని నీటితో మెల్లగా తడిపి తీయాలి. అక్కడ ఊరి పేరు దొరికే వరకు ఆ గడి ఖాళీయే.