ఆ మాట నాతో అన్నది కాదు

జపాన్‌లోని నగోయాలో ఉద్యోగంలో చేరిన మూడో నెల. ఒక మెషీన్ నుంచి రావాల్సిన రీడింగులు పొద్దున్నే ఆగిపోయాయి. నాకంటే 12 ఏళ్లు పెద్దాయన, మా టీమ్ సీనియర్, నా పక్కన కూర్చుని స్క్రీన్ చూస్తూ "అరె, ఒకషీ నా. కినో వ ఉగొయితన్ దకెదో" అన్నారు. 'అరె, ఏదో తేడాగా ఉందే, నిన్న పనిచేసిందే' అని. ఆ "అరె" వినగానే ఇంట్లో ఉన్నట్టే అనిపించింది. అప్పటిదాకా నాతో వాక్యం చివర "మస్", "దెస్" అంటూ మర్యాదగా మాట్లాడిన మనిషి అవి లేని మామూలు రూపంలోకి దిగారు. చనువు ఇచ్చారనుకుని నేనూ "ఉన్, ఉగొయిత" అన్నాను. ఊఁ, పనిచేసింది.

ఆయన ఒక్క క్షణం ఆగి "సో దెస్ క" అన్నారు. అలాగా అండీ, అని. ఆ పూటంతా ఆయన మాటల్లో "మస్" తప్ప వేరే రూపం వినబడలేదు.

పెద్దలతో "మస్", స్నేహితులతో మామూలు రూపం అని జపనీస్ క్లాసులో నేర్చుకున్నాను. మన నువ్వు, మీరు లాగా మనిషిని బట్టి ఒకసారి తేలిపోతుందనుకున్నాను. నిజానికి "మస్" మన "అండి"కి దగ్గర. అది ఎదుటి మనిషికి అందించే మాటకే తగులుతుంది. చలేస్తే మనం "అబ్బా, చలి" అంటాం, పక్కన మేనేజరున్నా సరే. తనకు తాను అనుకునే మాటకు "అండి" ఎందుకు? ఆయన అన్న "ఒకషీ నా"లో చివరి "నా" అదే చెబుతోంది. "కనా" అని ముగిసినా అంతే, 'అయ్యుంటుందా' అని లోపల అనుకోవడం. చూపు కూడా నా మీద లేదు, స్క్రీన్ మీదే ఉంది. ఆయన నాకు చనువు ఇవ్వలేదు, నా పక్కన కూర్చుని ఆలోచించుకున్నారు, అంతే.

ఇది నాకు విడమరిచి చెప్పింది పక్క సీటు కొరియా సహోద్యోగి. నేను అనాల్సింది "అ, హొంతో ద. హాయ్, కినో వ ఉగొకిమషిత" అట. 'అ, నిజమే' అన్నది నాలో నేను అనుకున్నది కాబట్టి మామూలు రూపంలో ఉన్నా తప్పు లేదు. 'అవునండి, నిన్న పనిచేసింది' అన్నది ఆయనకు ఇచ్చే జవాబు, దానికి "మస్" తప్పదు. ఆయన నాతో "ఉన్" అన్నా నేను "హాయ్" అనే అనాలి. ఆయన మామూలు రూపం వాడారని నాకూ ఆ హక్కు రాదు.

వాక్యం మధ్యలో వచ్చే మామూలు రూపాన్ని చూసి కూడా కంగారు పడేవాడిని. "ఉగొకు తొ ఒమొయిమస్", పనిచేస్తుందనుకుంటానండి. అందులో "ఉగొకు" మామూలు రూపమే, మర్యాదంతా చివరి క్రియ మోస్తుంది.

రెండు వారాల తర్వాత మళ్లీ రీడింగులు ఆగాయి. స్క్రీన్ చూస్తూ "అరె, ఒకషీ నా" అన్నాను. తర్వాత ఆయన వైపు తిరిగి, కాస్త చూస్తారా అండి అని "చొత్తొ మితె ఇతదకెమస్ క" అని అడిగాను. ఆయన "దొరె దొరె", ఏదీ చూద్దాం, అంటూ కుర్చీ దగ్గరకు లాక్కున్నారు.