ఎనిమిది అక్షరాల వ్రతం

మా ఇంట్లో పిల్లలు కంచం ముందు కూర్చోగానే ‘బ్రహ్మార్పణం బ్రహ్మ హవిః’ అని మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో ముగించేసేవారు. అది అయిన మరుక్షణం, ‘ఛీ, ఇవాళ కూడా ఇదేనా?’ అనేవారు. అర్పించేది బ్రహ్మం, హవిస్సు బ్రహ్మం అన్న నోటితోనే ఛీ! నాకు కోపం వచ్చింది, నిజమే. కానీ తప్పు వాళ్ళది కాదు. ఆరేళ్ళ పిల్లవాడు ‘బ్రహ్మకర్మసమాధినా’ అనే మాటని మనసారా ఎలా అనగలడు? ‘అన్నపూర్ణే సదాపూర్ణే’ నాకు ప్రాణం. కానీ అందులోనూ మనం అడిగేది జ్ఞానవైరాగ్యాల భిక్ష. ఆకలితో ఉన్న పిల్లకి వైరాగ్యం ఎందుకు?

అందుకని వాళ్ళకి తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి వాక్యం నేర్పాను. ‘అన్నం న నింద్యాత్. తద్ వ్రతమ్.’ అన్నాన్ని నిందించకూడదు, అదే వ్రతం. లెక్కపెడితే ఎనిమిది అక్షరాలే. (స్వరం మాత్రం తెలిసిన పెద్దల దగ్గరే నేర్చుకోవాలి. అది కుదరని రోజుల్లో ‘అన్నాన్ని తిట్టను, ఇది నా వ్రతం’ అని తెలుగులోనే అనిపిస్తాను.)

ఈ వాక్యం వచ్చే చోటు చూడండి. భృగువు తండ్రి వరుణుడి దగ్గరికి వెళ్ళి బ్రహ్మమంటే ఏమిటని అడిగాడు. తపస్సు చేసి ముందు అన్నమే బ్రహ్మమని తెలుసుకున్నాడు. అంతటితో ఆగక ప్రాణం, మనస్సు, విజ్ఞానం దాటి చివరికి ఆనందం దాకా వెళ్ళాడు. అంత ఎత్తుకి వెళ్ళినవాడి కథ ముగిశాక ఉపనిషత్తు చెప్పే మొదటి నియమం ఇదే. ఆనందం అందిందని కింది మెట్టుని చులకన చేయవద్దంటోంది. ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది.

పిల్లలకి ఇదంతా చెప్పలేదు. నింద అంటే ఏమిటో మాత్రం చెప్పాను. ‘నాకు కొంచెమే చాలు’ అనడం నింద కాదు. మూతి ముడవడం, కంచం తోసేయడం, ‘ఛీ’ అనడం నింద. వద్దనకూడదనే నియమం ఆ పక్క అనువాకంలోనే ఉంది. దాన్ని ఇప్పుడే వాళ్ళ మీద మోపలేదు. మొదటి వారమంతా ఈ ఒక్క వాక్యమే, తొందరపడకుండా, ‘నింద్యాత్’ తర్వాత ఒక క్షణం ఆగి అనిపించాను. ఎనిమిదో రోజున చిన్నది ‘ఛీ’ అనబోయి ‘ఛ’ దగ్గరే నోరు మూసుకుంది. చూసి నవ్వాపుకోలేకపోయాను.

పెద్దవాళ్ళమే అసలు తేలిపోయాం. మొన్న రాత్రి నేను మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, ‘ఉప్పే లేదు, ఇదేం వంట?’ అన్నాను. చిన్నది నా వైపు తిరిగి, ‘తాతయ్యా, ఉప్పు లేదని చెప్తే నిందా?’ అంది.

‘కాదమ్మా.’

‘మరి, ఇదేం వంట అంటే?’

నేను మాట్లాడకుండా ఉప్పు అందుకున్నాను.