పల్లీ కారానికి రిజిస్ట్రేషన్, ఆ తర్వాత లేబుల్: నా అనుభవం

మాది గుంటూరు. ఇంట్లోనే పల్లీ కారం, కందిపొడి చేసి పావుకిలో ప్యాకెట్లుగా అమ్ముతాను. 2024లో మా వీధి కిరాణా కొట్టాయన "ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లేకపోతే మా కొట్లో పెట్టలేనమ్మా" అన్నారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అంటే ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ. ఒక ఏజెంటును అడిగితే లైసెన్సు ఇప్పించడానికి వేలల్లో చెప్పాడు. నాకు కావాల్సింది అసలు లైసెన్సే కాదని తర్వాత తెలిసింది.

అప్పటి నిబంధన ప్రకారం ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు ఉన్నవాళ్లకు రిజిస్ట్రేషన్ చాలు, ఆ పైన అయితేనే లైసెన్సు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది లాభం కాదు, మొత్తం అమ్మకం. నెలకు లక్ష అమ్మి పదిహేను వేలు మిగిలినా లక్షే చూపించాలి. ఈ హద్దులు మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టే రోజున సైట్లో ఒకసారి చూసుకోండి.

foscos.fssai.gov.in లో రాష్ట్రం ఎంచుకుని, తయారీదారుగా ఫారం ఎ నింపాను. ఫోటో, ఆధార్ పెట్టాను. ఆధార్‌లో పాత ఇంటి చిరునామా ఉంది కాబట్టి, వంట చేసే ఈ ఇంటికి వేరే రుజువు కూడా జత చేశాను. అప్పట్లో ఫీజు ఏడాదికి 100 రూపాయలు, ఒకేసారి 5 ఏళ్లకు కట్టేశాను. దరఖాస్తు అందాక 7 రోజుల్లో రిజిస్ట్రేషన్ ఇవ్వాలి, లేదా కారణం రాసి తిరస్కరించాలి, లేదా తనిఖీకి నోటీసు ఇవ్వాలి. నాకు తనిఖీ లేకుండానే 14 అంకెల నంబరు వచ్చింది. రిజిస్ట్రేషన్ నంబరు 2తో మొదలవుతుంది, లైసెన్సు నంబరైతే 1తో. వేరేవాళ్ల ప్యాకెట్ చూసినా ఈ తేడా పట్టేయొచ్చు.

అసలు పని లేబుల్ దగ్గరే మొదలైంది. నేను తెలుగులో ముచ్చటగా రాయించుకుందామనుకున్నాను. కానీ తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ దేవనాగరి లిపి హిందీలో గానీ ఉండాలి, తెలుగు అదనంగా పెట్టుకోవచ్చు. కాబట్టి రెండు భాషల్లో వేయించాను.

పదార్థాల పేర్లను తయారీలో వేసిన తూకం ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకు రాయాలి. నేను కిలో పల్లీలకు 150 గ్రాముల ఎండుమిర్చి, 80 ఉప్పు, 60 వెల్లుల్లి, 25 జీలకర్ర వేస్తాను. కాబట్టి పల్లీలు, ఎండుమిర్చి, ఉప్పు, వెల్లుల్లి, జీలకర్ర అన్న వరుసలోనే వేయించాను. చేతి అంచనాతో వేసేవాళ్లు ఒక్క వాయికైనా తూచి చూడక తప్పదు.

తర్వాత అలర్జీ సంగతి. పల్లీలు పడని వాళ్లకు ప్రాణం మీదకు రావొచ్చు కాబట్టి పల్లీలు ఉన్నట్టు విడిగా రాయాలి. పల్లీ కారానికి ఇది తేలిక. చిక్కంతా కందిపొడితో వచ్చింది, రెండూ ఆడించేది ఒకే మిక్సీ జార్‌లో. జార్ ఎంత కడిగినా మూత రబ్బరు సందులో పొడి మిగులుతుంది. కందిపొడికి వేరే జార్ కొని, ముందు దాన్నే ఆడించి ప్యాక్ చేశాకే పల్లీల పని పెట్టుకుంటున్నాను. వంటగది ఒకటే కదా, అందుకే కందిపొడి ప్యాకెట్ మీద కూడా 'పల్లీల ఆనవాళ్లు ఉండవచ్చు' అని వేయించాను.

ఎక్స్‌పైరీ ఎంత పెట్టాలో ఎవరూ చెప్పరు, మనమే తేల్చుకోవాలి. ఒకే వాయి నుంచి కొన్ని ప్యాకెట్లు పలచటి పారదర్శక కవర్లలో, కొన్ని వెలుతురు చొరబడని మందపు పౌచుల్లో వేసి వంటగది అరలోనే ఉంచాను. వారానికొకటి తెరిచి వాసన చూశాను. పల్లీలలో నూనె ఎక్కువ కాబట్టి గాలి, వెలుతురు తగిలితే పాత నూనె కంపు వస్తుంది. పారదర్శక కవర్లలోవి ముందు పాడయ్యాయి. పౌచులవి రెండు నెలలు బాగానే ఉన్నాయి, నేను మాత్రం 45 రోజులే వేస్తున్నాను. మే నెలలో కొట్టు అర మా ఇంటి అరకన్నా వేడిగా ఉంటుంది మరి.

బూజుకు మాత్రం కారణం వేరు. పొడి వెచ్చగా ఉండగా సీలు వేస్తే లోపల ఆవిరి చెమ్మగా మారుతుంది. వెల్లుల్లి తడి దీనికి తోడు. అందుకే పళ్లెంలో పలచగా పరిచి, పూర్తిగా చల్లారాకే ప్యాక్ చేస్తాను. ముడుచుకుపోయిన, నల్లబడిన పల్లీలను వేయించక ముందే ఏరేస్తాను. బూజు పట్టిన పల్లీలో ఉండే అఫ్లాటాక్సిన్ అనే విషం వేయిస్తే పోదు.

శాకాహారానికి పచ్చ చుక్క గుర్తు, నికర తూకం, అన్ని పన్నులతో ఎంఆర్‌పీ, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, మన పేరు, చిరునామా, ఫిర్యాదుకు ఫోన్ నంబరు కూడా లేబుల్ మీద ఉండాలి. నా బ్యాచ్ నంబరు ఆడించిన తేదీనే, చివర ఆ రోజు ఎన్నో వాయో ఒక అంకె. ఏ వాయి ఏ కొట్టుకు వెళ్లిందో నోట్‌బుక్‌లో రాస్తాను కాబట్టి, వాసన వచ్చిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ వాయి ప్యాకెట్లను మాత్రమే వెనక్కి తెప్పించుకోవచ్చు. కొట్లకు ఇచ్చే బిల్లు పుస్తకం మీద కూడా ఆ 14 అంకెలు ఉండాలి. నేను రబ్బరు స్టాంపు చేయించుకున్నాను.