బొమ్మ కనిపిస్తే పిల్లల వీడియోనేనా? నా అనుభవం

మారతహళ్లిలో ఉంటాను. చన్నపట్న కొయ్యబొమ్మలు తెప్పించి అమ్ముతాను. యూట్యూబ్‌లో ఛానల్ పెట్టడం, వీడియోలు తీయడం పెద్ద పనేం కాలేదు.

వీడియో పెట్టగానే "రేటెంత అక్కా", "హైదరాబాద్‌కి పంపుతారా" అని కామెంట్లొచ్చి ఫోను మోగుతూ ఉండేది. ఒక వారం అస్సలు మోగలేదు. వీడియో తెరిస్తే కింద Comments are turned off అని ఉంది! యూట్యూబ్ స్టూడియోలో ఆడియన్స్ దగ్గర నేను పెట్టిన No, it's not made for kids తీసేసి, యూట్యూబ్‌వాళ్లే పిల్లల వీడియో అని ముద్ర వేశారు. నాతో ఒక్క మాట లేదు.

కారణం అమెరికాలోని కాప్పా చట్టం. తల్లిదండ్రుల అనుమతి లేకుండా 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు సేకరించకూడదు. అందుకే పిల్లల వీడియోకి కామెంట్లు ఉండవు, చూసేవాళ్ల అలవాట్లను బట్టి ప్రకటనలు రావు, ప్లేలిస్టులో దాచుకోవడం కుదరదు, చివర్లో నా మిగతా వీడియోలు చూపించే ఎండ్ స్క్రీన్ కూడా పోతుంది. నా కస్టమర్లు దాచుకుని, జీతం పడ్డాక కొనేవాళ్లు మరి!

విచిత్రమేమిటంటే వ్యూస్ పెరిగాయి. అనలిటిక్స్‌లో సజెస్టెడ్ వీడియోస్ చూస్తే అన్నీ చిట్టి గీతాలు, కార్టూన్లు. వాటి పక్కన నా బొమ్మను చూపిస్తున్నారు. చూసేది మూడేళ్ల పిల్లాడైతే ఆర్డరు ఎవరిస్తారు?

డబ్బు తీసుకుని ఛానల్ పాఠాలు చెప్పే ఒకాయన రెండు సలహాలిచ్చాడు. మొదటిది, ఛానల్ మొత్తాన్నీ పిల్లలదని పెట్టేయమని. అలా చేస్తే గంట గుర్తే మాయం, సబ్‌స్క్రైబర్లకు కొత్త వీడియో సంగతి చేరదు, పోస్టులూ ఉండవు. రెండోది, 18 ఏళ్లు నిండినవాళ్లకే అని పెట్టమని. కామెంట్లు ఉంటాయి, నిజమే. కానీ లాగిన్ కాకుండా చూసేవాళ్లకు వీడియో తెరుచుకోదు, నా సైట్లో అతికించింది అక్కడ ఆడదు, ప్రకటనలూ తగ్గుతాయి. కొయ్యగుర్రానికి పెద్దల ముద్ర! ఇలాంటివాళ్లకు ఫీజు కట్టకండి.

నేను చేసింది ఇది. టైటిల్‌లో "కొనేముందు చూడాల్సినవి" అని మార్చి, కొలతలు, లక్క రంగు, ధర వివరణలో రాశాను. ముద్దు ముద్దు మాటలున్న థంబ్‌నెయిల్ తీసేశాను. తర్వాత ఆడియన్స్ దగ్గరే ఉన్న అప్పీల్ నొక్కాను. ఎవరికోసం తీశారు, పిల్లలు నటించారా, పాటలున్నాయా లాంటివన్నీ లెక్కలోకి వస్తాయి కాబట్టి, పెద్దవాళ్లు కొనడానికి తీసిన వీడియో అని సూటిగా రాశాను. ముద్ర తీసేశారు.

మా ఆడపడుచు కూతురు పాట పాడుతూ బొమ్మరైలు లాగే వీడియో మాత్రం పిల్లలదిగానే ఉంది. దానికి అప్పీల్ చేయలేదు, అది నిజంగా పిల్లలదే. ఆర్డరు లింకు వివరణలో పెట్టాను.